ఏడాదిన్నర వాడికి నాలుగు ఎర్ర గీతలు

ఒక ఇతిహాసం చెబుతాను. ఇందులో ఒక పసివాడి ప్రాణం ఉంది. గడపకు అడ్డంగా నిలబడిన తల్లి ఉంది. ఎదురుగా సూదులు పట్టుకుని కదలివచ్చిన సేన ఉంది. రక్తం ఉంది. చివరికి నిజం గెలిచింది కూడా.

ఇక్కడిదాకా రాసి ఆగాను. ఇది చదివితే మా అక్క చెవి మెలిపెడుతుంది కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. ఆ పసివాడికి వచ్చింది జలుబు. పోయిన రక్తం నాలుగైదు చుక్కలు, అది తీసింది నేనే. సేన అంటే పాత మోపెడ్ మీద వచ్చిన ఒక ఆర్ఎంపీ గారు. తల్లి మాత్రం నిజంగానే గడపకు అడ్డంగా నిలబడింది. అదొక్కటే ఇతిహాసానికి పనికొచ్చే ముక్క.

రెండువేల సంవత్సరం దాటి అప్పటికి ఎంతో కాలం కాలేదు. నాకు ఇరవై రెండేళ్లు. గుంటూరులో ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదివాను, ప్రత్తిపాడులో బస్సులాగే చోటికి ఎదురుగా ఉన్న ఒక రక్తపరీక్షల గదిలో పని. ల్యాబంటే ఒక మైక్రోస్కోపు, ఒక ఫ్రిజ్జు, దుమ్ము పట్టిన ఫ్యాను, నేను. యంత్రాలు లేవు. హిమోగ్లోబిన్ చూడాలంటే రక్తాన్ని యాసిడ్‌లో కలిపి, గొట్టంలో నీళ్లు బొట్టు బొట్టుగా పోస్తూ, పక్కనున్న గోధుమరంగు గాజుతో రంగు కలిసేదాకా కళ్లు చికిలించి చూడాలి. తెల్లకణాలైతే గళ్ల గాజుపలక మీద ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. మా ఊరివాళ్లకి ఈ పని నచ్చేది కాదు. "అంత చదివించింది చుక్కలు లెక్కపెట్టడానికా?" అనేవారు.

మా ల్యాబులో ఒక ఆచారం ఉండేది. రిపోర్టు ఫారం గుంటూరులో అచ్చేయించింది. ఎడమవైపు పరీక్ష పేరు, మధ్యలో మేం రాసే అంకె, కుడివైపు ఉండాల్సిన కొలత. ఆ కొలత పక్కన పురుషులు అని ఒక వరస, స్త్రీలు అని ఒక వరస. మేం రాసిన అంకె ఆ కొలతకి కిందికో పైకో పోతే, దాని కింద ఎర్ర పెన్నుతో గీత గీయాలి. ఇది ఓనరు గారి నియమం. చుట్టుపక్కల ఊళ్లలో రిపోర్టు చదివేవాళ్లలో సగంమంది అంకెలు చూడరు, ఎరుపు కోసం వెతుకుతారు. గీత లేని రిపోర్టు చూస్తే పేషెంటు మొహం చిన్నబోయేది, ఇంతదూరం వచ్చింది ఎందుకూ అన్నట్టు. ఓనరు గారు అనేవారు: "ఒక్క గీతైనా ఉంటే మనిషికి తృప్తి వోయ్."

నేను తృప్తి పంచేవాణ్ణి. ధారాళంగా.

మా అక్కని ఇచ్చింది ప్రత్తిపాడు పక్క ఊరికే. బావకి నాలుగెకరాల మిరప, రెండెకరాల పత్తి. అది మిరపకాయలు కళ్లాల్లో ఎండే కాలం. ఊరంతా తుమ్ములే. పెద్దవాళ్లు తుమ్మితే మిరపఘాటు, పిల్లలు తుమ్మితే జబ్బు. మా మేనల్లుడికి ఏడాదిన్నర. వాడికి ముక్కు కారింది, ఒళ్లు కాస్త వెచ్చబడింది. వాళ్ల నాయనమ్మ, అంటే అక్క అత్తగారు, వాడి మొహం వెలుతురుకి తిప్పి చూసి, "పిల్లోడు పాలిపోయాడు. రక్తం లేదు," అని తేల్చేసింది. ఆవిడ పత్తి ఆకు చూసి పురుగు పేరు చెప్పగలదు. అదే ధైర్యం.

ఆర్ఎంపీ గారిని పిలిచారు. ఆర్ఎంపీ అంటే పట్టా లేని మా ఊళ్ల డాక్టరు. ఏ వేళ పిలిచినా వచ్చేది ఆయనొక్కరే, అందుకని మేం ఆయన్ని తిట్టుకున్నా గారు తగిలించే తిట్టుకుంటాం. ఆయన బ్లడ్ టెస్టు రాశారు. మర్నాడు పొద్దున అక్క, బావ, నాయనమ్మ బుడ్డోణ్ణి తీసుకుని మా ల్యాబుకి దిగారు.

వాడు రాగానే ఏడుపు. అది ఏడుపు కాదు, ఊరేగింపు బ్యాండు.

"ఎందుకక్కా ఇంత గోల?"

"ఆకలిరా. పొద్దుట్నుంచీ ఏమీ పెట్టనివ్వలేదు అత్తయ్య."

"రక్తపరీక్షకి కడుపు మాడ్చుకుని రావాలిగా," అంది నాయనమ్మ. "మీ మావయ్యకి షుగరు చూసినప్పుడు నువ్వేగా చెప్పావు అబ్బాయ్."

చెప్పాను. షుగరుకి. ఆ మాట ఆవిడతో అనబోయేలోపు బుడ్డోడు నా కళ్లజోడు లాగేశాడు. తర్వాత మర్చిపోయాను. వేలి చివర పొడిచి రక్తం తీసుకున్నాను. వాడు నన్ను చూసిన చూపు నాకింకా గుర్తే. మేనమామ అంటే వాడికి అప్పటిదాకా బిస్కెట్లు తెచ్చేవాడు.

లెక్క కట్టాను. హిమోగ్లోబిన్ పదకొండు పాయింటు రెండు. గళ్ల పలక మీద నాలుగు మూలల గళ్లలో కలిపి రెండువందల అరవై నాలుగు తెల్లకణాలు. దాన్ని యాభైతో హెచ్చిస్తే పదమూడువేల రెండువందలు. రంగు వేసిన స్లైడు మీద వంద తెల్లకణాలు రకాలవారీగా లెక్కపెడితే లింఫోసైట్లనే రకం యాభై ఎనిమిది, న్యూట్రోఫిల్స్ అనే రకం ముప్పై అయిదు. ఫారంలో చూస్తే హిమోగ్లోబిన్ పురుషులకి పదమూడు పైన, స్త్రీలకి పన్నెండు పైన. తెల్లకణాలు పదకొండువేలు దాటకూడదు. లింఫోసైట్లు నలభై దాటకూడదు. న్యూట్రోఫిల్స్ నలభైకి తగ్గకూడదు. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది. నాలుగు అంకెలు, నాలుగు ఎర్ర గీతలు. నా సొంత మేనల్లుడికి. కింద అందంగా సంతకం కూడా పెట్టాను.

బావ ఆ కాగితం తీసుకుని మొదట ఆర్ఎంపీ గారి దగ్గరికి పోలేదు. దారిలో పురుగుమందుల షాపుంది, అక్కడ ఆగాడు. మా వైపు రైతుకి అది అలవాటు. ఆకు ముడుచుకున్నా, పూత రాలినా, రంగు మారినా, ఆ కొమ్మ విరిచి షాపుకి పట్టుకెళ్లాలి. షాపాయన చూసి ఒక డబ్బా ఇస్తాడు. తగ్గకపోతే ఇంకో డబ్బా. బావ పిల్లాడి రిపోర్టు కూడా అలాగే చేతికిచ్చాడు. షాపాయన తీరిగ్గా చూసి, "నాలుగు తెగుళ్లున్నయ్యే," అన్నాడట. బావ చెప్పినప్పుడు నేను నవ్వాను. ఆ నాలుగు తెగుళ్లూ పెట్టింది నేనేనని గుర్తొచ్చి ఆపేశాను.

మధ్యాహ్నం భోజనానికి నేను అక్క ఇంటికి వెళ్లాను. అప్పటికే అక్కడ తీర్పు వెలువడింది. ఆర్ఎంపీ గారు మంచం మీద కూర్చుని రిపోర్టు మోకాలి మీద పరిచారు.

"తెల్లకణాలు పెరిగినయ్. లోపల ఇన్ఫెక్షను గట్టిగా ఉంది. రక్తం చూస్తే తగ్గింది. పది రోజులు పూటకో ఇంజెక్షను వేద్దాం, సాయంత్రం నుంచే. అది తగ్గాక రక్తం పట్టే ఇంజెక్షన్లు."

పది రోజులు, రెండు పూటలు. ఇరవై పోట్లు. లెక్కలు నా వృత్తి.

"తల్లిపాలల్లో బలం లేదండి," అంది నాయనమ్మ. "నేను మొత్తుకుంటూనే ఉన్నా. ఏడాదిన్నరొచ్చినా ఇంకా చంకనేసుకుని పాలిస్తాది. ఇయ్యాల్టి నుంచే మాన్పించాలి."

అక్క బుడ్డోణ్ణి చంకనేసుకుని వంటింటి గడప మీద నిలబడింది. మామూలుగా మా అక్క మాట్లాడకపోతే వర్షం వచ్చే ముందు గాలి ఆగినట్టు. నేను పళ్లెం ముందు కూర్చుని గోంగూర కలుపుకుంటున్నాను. వచ్చేది వస్తుంది, ముందు ముద్ద మింగుదాం అనుకున్నాను.

"ఒరేయ్," అంది.

"ఏంటక్కా?"

"ఆ కాగితం తీసుకురా."

చేయి కడిగి తెచ్చాను. అక్క పదో తరగతి దాకా చదివింది. వేలు పెట్టి అచ్చు అక్షరాలు చదివింది.

"పురుషులు పదమూడు. స్త్రీలు పన్నెండు. వీడు ఈ రెండిట్లో ఎవుర్రా?"

"అంటే... మగాడేగా అక్కా."

"మగాడా! నిన్నటిదాకా పలక నాకేవాడు మగాడా? మీసాలెక్కడున్నయ్? ఓటుందా వీడికి?"

ఆర్ఎంపీ గారు నవ్వారు. అక్క నవ్వలేదు.

"నలభై రోజుల పత్తి మొక్క మీ బావ నడుందాకా రాలేదని ఎవరన్నా మందు కొడతారా? అది దాని ఎత్తులో అది ఉంటది. వీడికెంతుండాలో ఆ కాగితంలో లేదు. ఎంతుండాలో తెలీకుండా తక్కువైందని ఎట్టా గీశావురా నువ్వు?"

ఆ జవాబు నా దగ్గర నిజానికి ఉండాల్సింది. మా డిప్లొమాలో వయసును బట్టి మారే అంకెల పట్టిక ఒకటి బోర్డు మీద వేశారు. ఆ రోజు మా బ్యాచ్ అంతా మ్యాట్నీకి వెళ్లింది. పట్టిక తర్వాత ఎవరి దగ్గరో రాసుకుందామనుకున్నాను. ఆ "తర్వాత" వచ్చి ఇదిగో ఇలా గడపలో నిలబడింది.

"నాకు సరిగ్గా తెలీదక్కా," అన్నాను. "కానీ పిల్లల లెక్క వేరే ఉంటది. అదైతే గుర్తు."

"ఉంటదని గుర్తుండి గీశావా?"

"ఓనరు గారు..."

"ఓనరు నీ చెయ్యి పట్టుకుని గీయించాడా?"

బావ కల్పించుకున్నాడు. "ఎందుకే గొడవ. మందేసుకుంటే పోయిందేముంది? పడి ఉంటది."

"పత్తికి అట్టాగే కొట్టావు. మొన్న పదకొండోసారి కొట్టావు. పురుగు లావైంది, నువ్వు సన్నమయ్యావు," అంది అక్క. తర్వాత ఆర్ఎంపీ గారివైపు తిరిగి, గొంతు మాత్రం మర్యాదగా పెట్టి, "డాక్టరు గారూ, ఏమనుకోకండి. గుంటూరులో పిల్లల డాక్టరుకి చూపించేదాకా మావాడికి సూది పడదు. పాలూ మాన్పించను," అంది.

"మాటకి విలువ లేకుండా పోయింది ఈ ఇంట్లో," అంది నాయనమ్మ.

"మీ మాటకి విలువిచ్చే పొద్దుట్నుంచీ ఏడిపించా అత్తయ్యా, ఇంక చాలు."

ఇక్కడ ఉరుము ఉరిమితే బావుండేది. ఉరమలేదు. బుడ్డోడు తుమ్మాడు. ఆర్ఎంపీ గారి చొక్కా మీద పడింది. ఆయన తుడుచుకుని, "మంచిదేనమ్మా, చూపించుకోండి," అని లేచారు. ఆయన పెద్దమనిషి. మోపెడ్ మాత్రం నాలుగుసార్లు తన్నితేగాని స్టార్ట్ కాలేదు.

బస్సెక్కి గుంటూరు వెళ్లాం. అక్క, బుడ్డోడు, ముద్దాయిగా నేను. బావ రానన్నాడు, కళ్లంలో కాయ తిరగెయ్యాలట. నిజానికి అక్కకి ఎదురుగా కూర్చోడానికి భయం. దారంతా అక్క నాతో మాట్లాడలేదు. బుడ్డోడు మాత్రం క్షమించేశాడు. నల్లపాడు దగ్గర గేటు పడితే, రైలు పోయేదాకా నా కళ్లజోడు నాకుతూ కూర్చున్నాడు.

పిల్లల డాక్టరమ్మ నెరిసిన జుట్టు మనిషి. ముందు రిపోర్టు చూడలేదు. పక్కన పెట్టి పిల్లాణ్ణి చూసింది. కింది రెప్ప లాగి చూసింది, నాలుక చూసింది, మెడ కింద తడిమింది, పొట్ట నొక్కింది, గుండె మీద గొట్టం పెట్టి విన్నది, బరువు తూయించి ఒక చార్టు మీద చుక్క పెట్టింది. ఏం తింటాడు, ఆడతాడా, జ్వరం ఎన్నాళ్లనుంచి అని అడిగింది. బుడ్డోడు ఈలోపు టేబులు మీది పెన్ను స్టాండు కూలదోశాడు.

"ఆడతాడని వేరే చెప్పక్కర్లేదులే," అని అప్పుడు కాగితం అందుకుంది. చూసి, "ఈ ఎర్ర గీతలు గీసిన మహానుభావుడెవరు?" అంది.

అక్క వేలు పెట్టి చూపించింది. రక్తసంబంధం.

"నేనేనండి," అన్నాను.

"బాగా లెక్కపెట్టావు. అంకెలు నమ్మేట్టే ఉన్నాయి. గీతలే తప్పు. ఇటు రా, కూర్చో." అని ప్రిస్క్రిప్షను కాగితం తిరగేసి రాయడం మొదలుపెట్టింది. "బిడ్డ పుట్టిన రోజున హిమోగ్లోబిన్ పదిహేడు దాకా ఉండొచ్చు. రెండు మూడు నెలలకి దానంతటదే పది చుట్టుపక్కలకి పడిపోతుంది. ఆ తర్వాత మెల్లిగా ఎక్కుతుంది. ఈ వయసులో పదకొండుకి తగ్గితే నేను ఆలోచిస్తా. మీవాడికి పదకొండూ పాయింటు రెండు. పదమూడు కావాలంటే మీసాలు రానీ."

అక్క నావైపు చూసింది. నేను సీలింగు ఫ్యాను చూశాను.

"తెల్లకణాలు ఈ వయసుకి ఆరువేల నుంచి పదిహేడువేల దాకా ఉండొచ్చు. పొడిచేటప్పుడు ఏడ్చాడా?"

"ఏడ్చాడా అని మెల్లగా అడుగుతారేంటండి," అంది అక్క.

"గుక్కపట్టి ఏడ్చినా కాస్త పెరుగుతాయి. ఇక లింఫోసైట్లు. పెద్దవాళ్లలో న్యూట్రోఫిల్స్‌ది మెజారిటీ. పసిపిల్లల్లో తిరగబడి ఉంటుంది, లింఫోసైట్లే ఎక్కువ. నాలుగైదేళ్లొచ్చేసరికి రెండూ సమానమై, తర్వాత న్యూట్రోఫిల్స్ పైకొస్తాయి. నువ్వు రెండు గీతలు గీసింది దీనికే. ఒకటి ఎక్కువైతే రెండోది తగ్గక ఎక్కడికిపోతుందయ్యా, వందలోంచేగా?"

"మరి ఇంజెక్షన్లు?" అక్క అడిగింది. అప్పటిదాకా గట్టిగా ఉన్న గొంతు అక్కడ సన్నబడింది. ఇల్లంతటినీ ఎదిరించిన మనిషి, పొరపాటు తనదేనేమో అని బస్సులో గంటసేపు భయపడి ఉంటుంది. నాకప్పుడు తెలిసింది.

"దేనికమ్మా? జలుబుకి ఇంజెక్షనేంటి? ముక్కు తుడువు. జ్వరం మూడు రోజులు దాటినా, ఎగశ్వాస పెట్టినా, తినడం మానేసినా తీసుకురా. అంకెలు బాగున్నాయని పిల్లాణ్ణి చూడ్డం మానేయకూడదు, అదీ తప్పే. పాలు ఇవ్వు, ఆపక్కర్లేదు. కాకపోతే పాలతోనే కడుపు నింపకు. గుడ్డు, పప్పు, ఆకుకూర పెట్టు, రక్తం అక్కణ్ణుంచి వస్తుంది."

అక్క డాక్టరమ్మ రాసిన ఆ కాగితాన్ని నా చేతిలోంచి లాక్కుని మడిచి జాకెట్లో పెట్టుకుంది. ఇంటికెళ్లాక అత్తగారి ముందు ఎలా విప్పాలో బస్సులో రిహార్సలు వేసుకుంది. తీరా ఇల్లు చేరేసరికి ఆవిడ కళ్లంలో ఉంది. కాయ తొక్కుతూ అంతా విని, "నేననలా, పిల్లోడికేం కాదని," అంది. అంతే. అక్క దాచుకున్న డైలాగులన్నీ వృథా.

మర్నాడు అక్క దగ్గర ఆ కాగితం అడిగి తెచ్చుకుని, మరో కాగితం మీద పెద్ద అక్షరాలతో ఎత్తిరాసి మైక్రోస్కోపు పైన గోడకి అంటించాను. నెలల పిల్లలు, ఏడాది నుంచి ఐదేళ్లు, ఆపైన. ఓనరు గారు వచ్చి చూశారు.

"ఏంటిది?"

"పిల్లల కొలతలండి. ఫారంలో లేవు."

"ఫారాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. అయిపోయాక చూద్దాం. అప్పటిదాకా అచ్చులో ఉన్నదే లెక్క."

"అచ్చులో ఉన్నది మీకూ నాకూ అండి. పిల్లలకి నేను గీత గీయను."

"గీత లేకపోతే ఆర్ఎంపీలు మనకి పంపరు."

"పంపకపోనివ్వండి. లేదంటే ఎర్ర పెన్ను మీరే పట్టుకోండి, సంతకం కూడా మీరే పెట్టండి."

ఉద్యోగం పోతుందనుకున్నాను. ఘనంగా పోతే బావుంటుందని కూడా అనుకున్నాను. ఓనరు గారు "టీ చెప్పు," అని కూర్చున్నారు. గళ్ల పలక మీద కణాలు లెక్కపెట్టడం ఆయనకి రాదు.

ఆ రోజు నుంచి పిల్లల రిపోర్టుల్లో, అచ్చయిన రెండు వరసలనీ అడ్డంగా కొట్టేసి, పక్కన నీలం ఇంకుతో "ఈ వయసుకి ఉండవలసినది" అని నా చేత్తో రాసేవాణ్ణి. మొదటి వారంలోనే మా ఆర్ఎంపీ గారు ఒక రిపోర్టు తిప్పి పంపారు. "గీతలు మర్చిపోయావు," అని రాశారు. "మర్చిపోలేదండి," అని రాసి మళ్లీ పంపాను. మూడోసారి కాగితం రాలేదు, మనిషే వచ్చారు. గోడ మీది పట్టిక నిలబడి మొత్తం చదివారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. ఆ తర్వాత ఒకసారి మిరపకోత కూలీల రెండేళ్ల పాపకి హిమోగ్లోబిన్ ఏడు పాయింటు ఆరు వచ్చింది. దాని కింద ఎర్ర గీత రెండుసార్లు గీశాను. ఆయన ఆ ఎరుపు చూసి, సూది బయటికి తీయకుండా, ఆ రోజే తన మోపెడ్ మీద తల్లీపిల్లనీ గుంటూరు బస్సెక్కించారు.

ఇదంతా చూసి అక్క నన్ను క్షమించిందని రాద్దామనుకున్నాను. కానీ ఇప్పటికీ ఎవరింటికెళ్లినా, "మా తమ్ముడు, నా కొడుక్కి నాలుగు గీతలు గీశాడు," అనే పరిచయం చేస్తుంది. బుడ్డోడి జలుబు ఐదో రోజుకి తగ్గింది. ఆరో రోజు నాకు పట్టుకుంది.

ఫారాలు అయిపోయాక కొత్తవాటిలో పిల్లల వరస వేయించాం. ఓనరు గారు కింద ఇంకొక్క వాక్యానికి చోటిచ్చారు. నేను ఆలోచించి ఆలోచించి రాసింది ఇది: హిమోగ్లోబిన్, తెల్లకణాల పరీక్షకి ఖాళీ కడుపు అక్కర్లేదు. పిల్లలకి పాలు పట్టించే తీసుకురావచ్చు.